కొండపల్లి బొమ్మకు ఒక టైటిల్

"మా కాలేజీ ప్రాజెక్ట్ | కొండపల్లి బొమ్మలు | పార్ట్ 1 | తప్పక చూడండి". విజయవాడలో ఓ డిగ్రీ కాలేజీ క్లాసురూములో, సాయంత్రం బోర్డు మీద ఈ ముక్క రాసి, ఫైనలియర్ చదువుతున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. "ఇందులో మీ అమ్మానాన్నలు కాకుండా బయటివాళ్లెవరైనా యూట్యూబ్‌లో వెతికే మాటలు ఎన్నున్నాయో చెప్పండ్రా" అంది. కాసేపు గుసగుసలయ్యాక ఒకడు "రెండే అక్కా" అన్నాడు. కొండపల్లి, బొమ్మలు. మిగతావన్నీ తీసినవాళ్లకే ముద్దు.

ఆ కాలేజీ మీడియా క్లబ్బులో ఇదో ఆనవాయితీ. వెళ్లిపోయే ఏడాది సీనియర్లు చానల్ పగ్గాలు అప్పగించేముందు, కెమెరా గురించీ ఎడిటింగ్ గురించీ చెప్పినట్టే, టైటిలూ డిస్క్రిప్షనూ ఎలా రాయాలో కూడా కూర్చోబెట్టి చెబుతారు. సిలబస్‌లో లేని విద్య ఇది. నెల్లాళ్లు తిరిగి తీసిన వీడియోకి, అప్‌లోడ్ అవుతుండగా తోచిన నాలుగు మాటలు టైటిల్‌గా పెట్టేసి కూర్చోవడం పిల్లలకే కాదు, పెద్ద చానళ్లవాళ్లకూ అలవాటే. అందుకే ఆమె చెప్పిన పద్ధతి రాయదగ్గదనిపించింది.

పాఠానికి తీసుకున్నది జూనియర్ల వీడియోనే. కొండపల్లి వెళ్లి బొమ్మ తయారీ మొత్తం తీసుకొచ్చారు. తెల్ల పొణికి అనే మెత్తటి, తేలికైన కర్రలో ముందు తడి పోగొట్టాలి. తర్వాత కాళ్లూ చేతులూ మొండెమూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఆ ముక్కలను అతికి, సున్నం పూసి, ఆ పైన రంగులు వేస్తారు. తొమ్మిది నిమిషాల్లో ఇదంతా ఉంది. లేనిది సరైన పేరే.

ఆమె మొదటి మాట, టైటిల్ ఆర్టీసీ బస్సు బోర్డు లాంటిదని. బస్సు ఎక్కడికెళుతుందో పెద్దక్షరాల్లో ముందుండాలి, ఏ దారిన వెళుతుందో దాని వెంట రావాలి. డ్రైవరు ఏ డిపో వాడో ప్రయాణికుడికి అక్కర్లేదు. "మా కాలేజీ ప్రాజెక్ట్" అన్నది డిపో పేరు. దాన్ని ముందు పెడితే, ఫోనులో టైటిల్ రెండు లైన్లు దాటగానే చుక్కలు పడిపోతాయి కాబట్టి, అసలు సంగతి ఆ చుక్కల్లో కలిసిపోతుంది.

ఇక్కడే తెలుగులో రాసేవాళ్లకు ఎదురయ్యే ఓ చిక్కు చూపించింది. యూట్యూబ్ టైటిల్‌కు వంద క్యారెక్టర్లు హద్దు. వంద అంటే చాలా ఉన్నట్టుంటుంది. కానీ గుణింతమూ, సున్నా, ఒత్తు కోసం వచ్చే హలంతూ వేటికవే లెక్కకొస్తాయి. "కొండపల్లి" అన్నది కంటికి నాలుగక్షరాలే. లెక్కలో మాత్రం క, ఒత్వం, సున్నా, డ, ప, ల, హలంతు, మళ్లీ ల, గుడి, మొత్తం తొమ్మిది. వట్రసుడులూ జంట ఒత్తులూ ఉన్న గంభీరమైన మాటలు పేర్చుకుంటూ పోతే టైటిల్ పెట్టె ఎర్రబడుతుంది. "నిర్మాణ ప్రక్రియ" అనే బదులు "తయారీ" అంటే చోటూ మిగులుతుంది, మనిషి మాట్లాడినట్టూ ఉంటుంది.

తర్వాత ఎవరో లేచి రెండో టైటిల్ చెప్పారు: "కొండపల్లి బొమ్మల వెనుక ఎవరూ చెప్పని రహస్యం!" క్లాసు నవ్వింది, ఆమె నవ్వలేదు. "ఏరా, వీడియోలో ఆ రహస్యం ఎన్నో నిమిషంలో ఉంది?" అని అడిగింది. లేదు. రహస్యం కోసం నొక్కినవాడు అర నిమిషంలో కర్ర ఎండబెట్టడం చూసి వెళ్లిపోతాడు. ఆ వెళ్లిపోవడం యూట్యూబ్ స్టూడియోలో కనబడుతుంది కూడా. ఆడియన్స్ రిటెన్షన్ అనే గీత మొదటి ముప్పై సెకన్లలోనే నూతిలో పడ్డట్టు దిగిపోతుంది. 2012లో యూట్యూబ్ తన సిఫార్సులకు వ్యూస్ బదులు చూసిన సమయాన్ని పెద్ద కొలతగా పెట్టుకున్నప్పటి నుంచీ, నొక్కించి నిరాశపరిచే టైటిల్ వీడియోకి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తోంది. వీడియోలో లేనిది ఉందని టైటిల్‌తో నమ్మించడం యూట్యూబ్ నియమాలకూ విరుద్ధమే.

మూడోసారి రాసింది నిలబడింది: "కొండపల్లి బొమ్మ తయారీ: తెల్ల పొణికి కర్ర నుంచి రంగుల దాకా". ఇది 57 క్యారెక్టర్లు. చుక్కల్లో సగం పోయినా "కొండపల్లి బొమ్మ తయారీ" మిగులుతుంది. రెండో సగం ఊరికే అలంకారం కాదు. ఈ వీడియో అంగట్లో బొమ్మలు చూపించి, ధరలు చెప్పి వదిలేసేది కాదని, మొదటి నుంచి చివరి దాకా పని చూపిస్తుందని ఆ మాటలే చెబుతాయి. అలాగని మాట ఇచ్చాక మొదటి షాటు కర్రతోనే మొదలవ్వాలి. జూనియర్ల వీడియో కాలేజీ గేటుతో మొదలవుతోంది. "గేటు తీసెయ్యండి, లేదా చివర్లో పెట్టండి" అని అక్కడికక్కడే తేల్చేసింది. టైటిల్ రాస్తుంటే ఎడిటింగ్ తప్పు బయటపడటం నాకు ముచ్చటేసింది.

మరి వెతికేవాళ్లు తెలుగు లిపిలోనే వెతుకుతారా? ప్రొజెక్టర్ మీద ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచింది. మన పాత వెతుకులాటలు సూచనల్ని పాడుచేయకుండా ఉండటానికి ఆ జాగ్రత్త. వెతికే పెట్టెలో `kondapalli bommalu` అని కొట్టి, కింద రాలే సూచనలు చదివించింది. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. దానికని టైటిల్‌లో అదే పేరు రెండు లిపుల్లో నింపితే రెండూ సగం సగం కనబడతాయి. టైటిల్ తెలుగులో ఉంచి, స్టూడియోలో ఆ వీడియోకి ఇంగ్లిష్ అనువాదంగా `Kondapalli Toy Making: From Softwood to Paint` అని విడిగా చేర్చమంది. ఫోన్ ఇంగ్లిష్‌లో పెట్టుకున్నవాళ్లకు అదే కనిపించే వీలుంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లోని పేరు డిస్క్రిప్షన్‌లో ఓ వాక్యంలో ఇమిడిపోతుంది. `kondapally` లాంటి తప్పు స్పెల్లింగులకు ట్యాగుల పెట్టె ఉంది. ట్యాగుల వల్ల అంతకు మించి పెద్దగా ఒరిగేదేమీ లేదని యూట్యూబే చెబుతున్నా, జూనియర్లు ఆ పెట్టె నింపడానికే ఎక్కువసేపు పెడతారట.

డిస్క్రిప్షన్‌కు హద్దు ఐదు వేల క్యారెక్టర్లు. కానీ వీడియో కింద నొక్కకుండా కనిపించేవి మొదటి రెండు మూడు లైన్లే. ఆ చోటును "హాయ్ ఫ్రెండ్స్, మా చానల్‌కు స్వాగతం" అని పోగొట్టుకున్నవాళ్లను లెక్కపెడితే తెల్లవారుతుంది. ఆమె రాయించినది ఇలా మొదలైంది: "కొండపల్లిలో ఒక బొమ్మ పూర్తవడానికి కర్ర ఎండబెట్టడం మొదలు రంగుల దాకా ఏమేం చేస్తారో, చేసే కళాకారుడి మాటల్లోనే ఈ వీడియోలో చూడొచ్చు." టైటిల్‌ను మళ్లీ అప్పజెప్పలేదు, టైటిల్‌లో పట్టని కళాకారుడి సంగతి చేర్చింది.

దాని కింద అధ్యాయాలు. ప్రొజెక్టర్ మీద టైపు చేసింది యథాతథంగా:

```
0:00 తెల్ల పొణికి కర్ర
1:10 కర్రలో తడి తీయడం
3:05 చెక్కడం, మక్కుతో అతకడం
5:40 సున్నం పూత
6:30 రంగులు వేయడం
```

దీనికి నియమాలు కొన్నే గానీ, ఒక్కటి తప్పినా మొత్తం పనిచేయదు. మొదటి వరస 0:00తోనే మొదలవ్వాలి. కనీసం మూడు అధ్యాయాలుండాలి, వరస క్రమంలో ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. వెనక బెంచీ కుర్రాడి పాత వీడియోకి అధ్యాయాలు ఎందుకు రావడం లేదో అప్పుడు తేలింది. పేర్లు పడే కార్డు అయిపోయేది 0:12కి కాబట్టి వాడు అక్కణ్నుంచి లెక్క మొదలుపెట్టాడు. మొదటి వరసగా 0:00 చేర్చి సేవ్ చేయగానే వీడియో కింది గీత ముక్కలు ముక్కలుగా విడిపోయింది. అధ్యాయాలిస్తే జనం దూకేస్తారేమో, చూసే సమయం తగ్గుతుందేమో అని వాడి భయం. రంగులు చూడటానికే వచ్చినవాడు, అవి ఎక్కడున్నాయో తెలియకపోతే దూకడు, మూసేస్తాడు అని ఆమె జవాబు.

కళాకారుడి పేరు, ఊరు, బొమ్మలు కావాలంటే ఎవరిని అడగాలో అధ్యాయాల కిందే ఉండాలంది. ఫోన్ నంబరు మాత్రం ఆయన్ను అడిగాకే. వీడియో నలుగురికీ చేరితే రాత్రీ పగలూ మోగేది ఆయన ఫోనే. సంగీతం ఎవరిదో, ఏ లైసెన్సు మీద వాడారో కూడా అక్కడే. హ్యాష్‌ట్యాగుల్ని ఆమె ఒక్క మాటతో కొట్టిపారేసింది. అంత చిన్నచూపు అక్కర్లేదనుకుంటాను. మూడు నాలుగు పెడితే నష్టం లేదు. అరవై దాటితే మాత్రం యూట్యూబ్ ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోదు.

"వ్యూస్ రాకపోతే టైటిల్ మార్చెయ్యాలా అక్కా?" అని ఓ అమ్మాయి అడిగింది. అన్నిటికన్నా పనికొచ్చే జవాబు దీనికే వచ్చింది. మార్చే ముందు ఇంప్రెషన్లు చూడమంది, అంటే మన థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు జనం కళ్ల ముందుకు వెళ్లిందని. అవే తక్కువుంటే, యూట్యూబ్ ఇంకా ఎవరికీ చూపించలేదన్నమాట. చూడనివాళ్లకు టైటిల్ నచ్చలేదని ఎలా అంటాం? ఇంప్రెషన్లు బాగా ఉండి నొక్కేవాళ్లు తక్కువైతే టైటిల్‌నో థంబ్‌నెయిల్‌నో అనుమానించాలి. సగం చానళ్లకు, వీడియోలకు ఈ నొక్కే శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబ్ చెబుతుంది కాబట్టి, నాలుగు శాతం చూసి ఏడవక్కర్లేదు. నొక్కుతూ కూడా అర నిమిషంలో వెళ్లిపోతుంటే తప్పు వీడియో మొదట్లో ఉంది, లేదా టైటిల్ నిలబెట్టుకోలేని మాట ఇచ్చింది.

మార్చాల్సి వస్తే టైటిలూ థంబ్‌నెయిలూ రెండూ ఒకేసారి మార్చొద్దంది. ఏది పనిచేసిందో తర్వాత తెలియదు. దేన్ని మార్చినా వ్యూస్ సున్నాకు పడవు కాబట్టి కంగారు లేదు. స్టూడియోలో వెతుకులాట ద్వారా వచ్చినవాళ్లు ఏ మాటలు కొట్టి వచ్చారో జాబితా ఉంటుంది, కొత్త టైటిల్‌కు మాటలు అందులోంచే ఏరుకోవాలి. ఒకవేళ జనం `tella poniki` అని కొట్టి వస్తుంటే, బొమ్మకన్నా కర్ర గురించే ఎక్కువమంది అడుగుతున్నట్టు. అప్పుడు ఈ టైటిల్ ముట్టుకోకుండా, ఆ కర్ర మీదే ఇంకో చిన్న వీడియో తీసి, దాని లింకు ఈ డిస్క్రిప్షన్‌లో రెండో లైనుగా పెట్టమంది.