ఆఫర్‌కీ జాయినింగ్‌కీ మధ్య ఉన్నవాళ్ళు

ఈ వారం నా చిరాకుకి కారణం ఒక గడి. హైదరాబాద్ ఐటీ కంపెనీలు చాలావాటిలో సోమవారం పొద్దున్నే హెచ్ఆర్ విభాగం నుంచి పైవాళ్ళకి ఒక ఎక్సెల్ షీట్ వెళ్తుంది. నిలువుగా ఉద్యోగాల పేర్లుంటాయి. అడ్డంగా వారంలో వచ్చిన అప్లికేషన్లు, జరిగిన ఇంటర్వ్యూలు, ఇచ్చిన ఆఫర్లు, చేరినవాళ్ళు. ఒక మెట్టుకీ తర్వాతి మెట్టుకీ మధ్య ఎందరు జారిపోయారో శాతాల్లో రాసి ఉంటుంది. దీనికి ఫన్నెల్ రిపోర్ట్ అని పేరు. అందులో చివరి గడి, అంటే ఇచ్చిన ఆఫర్లలో ఎందరు చేరారన్న శాతం, తరచూ ఎర్ర రంగులో ఉంటుంది. సగం మీటింగ్ దాని మీదే నడుస్తుంది. శాతాల మీద నా పాత కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలిసిందే. ఎన్నిట్లో ఇన్ని అని చెప్పని శాతాన్ని నమ్మొద్దని రాస్తూనే ఉంటాను. ఇక్కడ ఆ ఫిర్యాదు చెల్లదు. ఎన్నిట్లో ఎన్నో పక్క గడిలోనే ఉంది, భాగహారం కూడా సరిగానే చేశారు. అయినా వచ్చిన జవాబుకి అర్థం లేదు.

ఎందుకో తెలియాలంటే ఒక ఊహా కంపెనీని తీసుకుని లెక్క వేయడమే సులువు. దానికి నాలుగైదేళ్ళ అనుభవం ఉన్న జావా డెవలపర్లు కావాలి. అలాంటివాళ్ళు ఎక్కడో ఉద్యోగంలో ఉంటారు, అక్కడ రాజీనామా ఇచ్చాక నోటీస్ పీరియడ్ తొంభై రోజులు. మన ఐటీ రంగంలో ఇది మామూలే. మూడు నెలల క్రితం ఈ కంపెనీ వారానికి 5 ఆఫర్లు ఇచ్చేది. తర్వాత కొత్త ప్రాజెక్ట్ వచ్చింది, ఇప్పుడు వారానికి 10 ఇస్తోంది. ఈ వారం చేరినవాళ్ళు 4. రిపోర్టు 4ని 10తో భాగించి 40 శాతం అంటుంది. పది మందిని పిలిస్తే ఆరుగురు రాలేదన్నట్టు వినిపిస్తుంది. కానీ ఈ వారం చేరిన నలుగురూ ఈ వారం ఆఫర్ పుచ్చుకున్న పది మందిలోవాళ్ళు కారు, మూడు నెలల క్రితం పుచ్చుకున్న ఐదుగురిలోవాళ్ళు. అంటే అసలు శాతం 80. ఈ పది మంది ఇంకా తమ పాత ఆఫీసుల్లో పని అప్పగిస్తూ కూర్చుని ఉన్నారు. గరాటులో ఇప్పుడు పోసిన నీళ్ళు ఇప్పుడే కింద పడతాయి కాబట్టి పైనా కిందా ఒకేసారి కొలవచ్చు. మూడు నెలలు పట్టే గరాటుని అలా కొలవడం కుదరదు.

ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు పడదు, అందుకే పట్టుకోవడం కష్టం. ఇదే కంపెనీ ఇంకో మూడు నెలలకి ప్రాజెక్ట్ తగ్గి వారానికి రెండే ఆఫర్లు ఇస్తోందనుకోండి. అప్పుడు చేరేవాళ్ళు పాత పది ఆఫర్ల తాలూకు ఎనిమిది మంది. 8ని 2తో భాగిస్తే 400 శాతం. ఈ దశలో ఎవరికీ కోపం రాదు. ఎవరో ఒకరు నవ్వేసి ఆ గడిలో 100 అని రాసి పచ్చ రంగు వేస్తారు. నిజానికి రిపోర్టు తనకి వ్యతిరేకంగా తానే చెప్పుకున్న సాక్ష్యం అదే. మీ ఆఫీసు పాత షీట్లు తిరగేసి ఏ వారమైనా ఈ శాతం వంద దాటిందేమో చూడండి. ఒక్కసారి దాటినా, మిగతా వారాల్లో నలభై, అరవై అని కనిపించిన అంకెలు కూడా అదే పద్ధతిలో పుట్టినవని అర్థం. ఈ లోపు నలభై శాతాన్ని నమ్మి తీసుకున్న నిర్ణయాలు జరిగిపోయి ఉంటాయి. రిక్రూటర్లకి చీవాట్లు పడి ఉంటాయి, కొత్తవాళ్ళకి జాయినింగ్ బోనస్ ప్రకటించి ఉంటారు, ఎలాగూ సగం మంది రారని ఆఫర్లు రెట్టింపు చేసి ఉంటారు. ఈ ఆఖరిది మరీ ప్రమాదం, మూడు నెలలు గడిచాక వాళ్ళంతా వచ్చేస్తారు.

మందు కొత్తదేమీ కాదు. ఏ వారం ఆఫర్ ఇచ్చారో ఆ వారం పేరుతో ఒక జట్టు కట్టి, చివరిదాకా ఆ జట్టునే లెక్కించాలి. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం న్యాయమైనదే: జనవరిలో ఆఫర్ ఇచ్చినవాళ్ళ సంగతి ఏప్రిల్‌లో తెలిస్తే దేనికి పనికొస్తుంది? పైవాళ్ళకి ఈ సోమవారం కబురు కావాలి. కానీ అన్ని రోజులు ఆగక్కర్లేదు. ఒక జట్టుని ఇంకో జట్టుతో ఒకే వయసులో పోలిస్తే చాలు. జనవరిలో 40 మందికి ఆఫర్ ఇస్తే నాలుగో వారానికి ఇద్దరు, ఎనిమిదో వారానికి మొత్తం ఐదుగురు, పన్నెండో వారానికి ఎనిమిది మంది తప్పుకున్నారనుకోండి. ఏప్రిల్‌లో ఆఫర్ ఇచ్చిన 40 మందిలో నాలుగో వారానికే ఆరుగురు తప్పుకుంటే గంట అప్పుడే మోగింది. మిగిలిన 34 మంది చేరతారో లేదో మనకింకా తెలియదు. తెలియదని ఒప్పుకుని వాళ్ళని అటూ ఇటూ కాకుండా ఉంచడమే ఇక్కడ కిటుకు. వైద్య పరిశోధనల్లో ఇంకా బతికే ఉన్న రోగుల్ని లెక్కలో ఎలా ఉంచాలన్న చిక్కుకి కాప్లాన్, మేయర్ అనే ఇద్దరు 1958లో చూపిన దారి ఇలాంటిదే. హెచ్ఆర్ వాళ్ళకి అంత గణితం అవసరం లేదు, నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం అని మూడు గడులు పెట్టుకుంటే పని జరుగుతుంది.

షీటు కింద "మొత్తం" అని ఉండే వరసతో నాకు ఇంకో పేచీ ఉంది. ఉద్యోగాల వారీగా విడదీసిన రిపోర్టుని మళ్ళీ కలిపి ఒక్క అంకె చేయడమెందుకు? మన ఊహా కంపెనీలో జావా ఆఫర్లు 80, కస్టమర్ సపోర్ట్ ఆఫర్లు 20 అనుకుందాం. జావాలో 64 మంది, సపోర్ట్‌లో 10 మంది చేరారు. మొత్తం 74 శాతం. మరుసటి ఏడు జావా ఆఫర్లు 20కి తగ్గి, సపోర్ట్ ఆఫర్లు 80కి పెరిగాయి. జావాలో 17 మంది చేరారు, అంటే శాతం 80 నుంచి 85కి పెరిగింది. సపోర్ట్‌లో 44 మంది, 50 నుంచి 55కి పెరిగింది. కలిపితే 61 శాతం! రెండు చోట్లా మెరుగుపడిన కంపెనీ మొత్తం వరసలో పదమూడు పాయింట్లు పడిపోయింది. ఇలాంటి వింతకి ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ కూడా ఎంపికలకి సంబంధించినదే. అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయం 1973 పీజీ ప్రవేశాల్లో దరఖాస్తు చేసిన మగవాళ్ళలో సుమారు 44 శాతానికీ, ఆడవాళ్ళలో సుమారు 35 శాతానికీ సీట్లొచ్చాయి. వివక్షేనని ఎవరికైనా అనిపిస్తుంది. 1975లో బికెల్, హామెల్, ఓకానెల్ అనే ముగ్గురు పరిశోధకులు విభాగాల వారీగా చూస్తే ఆడవాళ్ళ మీద అలాంటి వివక్ష కనిపించలేదు, కాస్త వాళ్ళవైపే మొగ్గు కనిపించింది. సీట్లు దొరకడం కష్టమైన విభాగాలకి ఆడవాళ్ళు ఎక్కువగా దరఖాస్తు చేయడమే కారణం. ఏ ఉద్యోగానికి ఎందరన్నది వారం వారం మారే చోట మొత్తం వరస చెప్పేది ఆ మార్పు గురించే ఎక్కువ, రిక్రూటర్ల పనితనం గురించి తక్కువ.

ఇంతవరకూ చదివినవాళ్ళకి నేను ఎటు పోతున్నానో తోచే ఉంటుంది: ఈ వారపు రిపోర్టు ఎత్తేసి మూడు నెలలకోసారి జట్ల వారీగా లెక్క వేసుకోండి అని. అలా అనాలనే మొదలుపెట్టాను కూడా. కానీ మనుషులు ఎక్కడ జారిపోతారో చూస్తే ఆ మాట నిలవదు. ఆఫర్ ఒప్పుకున్న జావా డెవలపర్ మనసు మార్చుకునేది ఆ మూడు నెలల్లోనే. రాజీనామా ఇచ్చాడని తెలిశాక పాత కంపెనీ జీతం పెంచి ఉండమంటుంది. త్వరలో ఖాళీ అవుతాడని తెలిసి మిగతా కంపెనీలు ఫోన్లు చేస్తాయి. చేతిలో ఉన్న ఆఫర్ చూపించి ఇంకోటి, అది చూపించి మరోటి. ఆఖరి వారాల్లో ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఇవన్నీ జరిగేది రిపోర్టులో ఏ గడీ లేని చోట. వారానికి 10 ఆఫర్లు, పన్నెండు వారాల నిరీక్షణ అంటే ఎవరూ తప్పుకోకపోతే ఏ రోజైనా 120 మంది ఆ మధ్యలో ఉంటారు. వచ్చే వేగాన్ని ఉండే కాలంతో గుణిస్తే లోపలున్నవాళ్ళ సంఖ్య వస్తుందని జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇంతే. అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు, ఆఫర్లు, జాయినింగ్‌లు అని నాలుగు గడులున్న షీటులో ఈ వంద పైచిలుకు మందికి చోటే లేదు. ప్రాజెక్ట్ తేదీలు ఆధారపడింది వాళ్ళ మీద, వారం వారం కదిలేదీ వాళ్ళే. కాబట్టి రిపోర్టు వారానికోసారే రావాలి. పోవలసినవి అందులోని శాతాలు, రావలసింది ఈ కొత్త గడి.

వారపు అంకెల్లోంచి శాతాలు తీసేస్తే పైవాళ్ళకి ఏం అర్థమవుతుందని అడుగుతారు. ఇంతకు ముందు ఏం అర్థమైందని ఎదురు అడగాలనిపిస్తుంది గానీ, దానికి జవాబుంది. 400 అప్లికేషన్లలో 40 మందిని ఇంటర్వ్యూకి పిలిస్తే 90 శాతం జారిపోయారని రాయడంలో, కంపెనీయే వద్దన్నవాళ్ళూ కంపెనీని వద్దనుకున్నవాళ్ళూ ఒకే గంపలో పడ్డారు. మొదటిది జల్లెడ పని, జరగాల్సిందే. రెండోది నష్టం. ఈ రెంటినీ వేరు చేసి ఉత్త సంఖ్యలు రాస్తే శాతాల కంటే బాగా అర్థమవుతుంది. పది రోజుల్లో చేరే సపోర్ట్ ఉద్యోగాలకి పాత పద్ధతి అంత తప్పు కాదన్న వాదనా నిజమే, అక్కడ ఆఫర్‌కీ జాయినింగ్‌కీ ఎడం తక్కువ. అక్కడ చూసుకోవలసింది సంఖ్యలు చిన్నవి కావడం: నాలుగు ఆఫర్లలో ఒకరు రాకపోతే 75, ఇద్దరు రాకపోతే 50.

మధ్యలో ఉన్నవాళ్ళ గడిని పాడుచేయడమూ సులభమే. తప్పుకున్నాడని రాయడం రిక్రూటర్‌కి ఇష్టం ఉండదు, అందుకని "వచ్చే సోమవారం చేరతాడు" అని ఒక్కో పేరుని వారాల తరబడి జరుపుతూ పోతారు. ఆఫర్ లెటర్‌లో రాసిన చేరే తేదీ దాటి ఏడు రోజులైతే, కారణం ఏదైనా, ఆ పేరు తప్పుకున్నవాళ్ళ వరసలోకి వెళ్ళాలి. తర్వాత నిజంగా వస్తే మళ్ళీ చేర్చుకోవచ్చు. ఆ నియమం పెట్టుకున్న కంపెనీలో సోమవారం షీటు జావా వరస ఇలా ఉంటుంది: వేచి ఉన్నవాళ్ళు 112, అందులో ఎనిమిది వారాలు దాటినవాళ్ళు 31, పోయిన వారం ఫోన్ ఎత్తనివాళ్ళు 6. ఆ ఆరుగురికి ఈసారి రిక్రూటర్ కాకుండా, రేపు వాళ్ళు ఎవరి కింద పని చేయాలో ఆ మేనేజరే ఫోన్ చేయాలి.