సున్నా ఎక్కడ మొదలైంది?

రెండు నిమిషాల పదిహేను సెకన్లకు ఒక రీడింగు. నాలుగు నిమిషాలకు ఇంకొకటి. ఆరు నిమిషాల పదిహేను సెకన్లకు మరొకటి. ముషీరాబాద్ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు చదువుకోవడానికి వెళ్లిన రోజుల్లో ఈ వింత లెక్క నన్ను చాలా తికమక పెట్టింది. ఐదు నిమిషాలకోసారి చూస్తే ఏం పోయింది? 2.25, 6.25, 12.25 నిమిషాలకు వర్గమూలాలు 1.5, 2.5, 3.5 అని ఎవరో చెప్పాకే అర్థమైంది. ఆ సమయాలను ఎంచుకున్నది గడియారం కోసం కాదు, గ్రాఫ్ పేపర్ కోసం.

పని ఇది. నల్లరేగడి ముద్దను 60 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న రింగులో కోసి, పైనా కిందా పోరస్ రాళ్లు పెట్టి, నీళ్లలో ఉంచి, లివర్ మీద బరువు వేస్తాం. ఈ పరికరం పేరు ఈడోమీటర్. బట్టలో కట్టిన పెరుగు మీద బరువు పెట్టినట్టే ఇదీ. నీళ్లు మొదట జోరుగా కారతాయి, తర్వాత నెమ్మదిస్తాయి. మట్టి సన్నబడటాన్ని డయల్ గేజ్ చూపిస్తుంది. అది ఎంత వేగంగా సన్నబడుతుందో చెప్పే సంఖ్యే కన్సాలిడేషన్ గుణకం, ల్యాబ్ భాషలో సీవీ. దీని వెనక ఉన్న సిద్ధాంతం టెర్జాగీది. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ దాన్ని తయారుచేసుకుని 1925లో పుస్తకంగా వేశాడు.

సిద్ధాంతం బాగానే ఉంది, చిక్కంతా డయల్ దగ్గరే. బరువు వేసిన క్షణాన పోరస్ రాయి సర్దుకుంటుంది, మట్టిలో మిగిలిన గాలి నలుగుతుంది. దాంతో ముల్లు ఒక్క గంతు వేస్తుంది. నీళ్లు బయటికి పోవడానికీ ఆ గంతుకూ సంబంధం లేదు. చివర్లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య ఎదురవుతుంది. నీటి ఒత్తిడి తగ్గిపోయాక కూడా మట్టి కణాలు మెల్లగా జరుగుతూనే ఉంటాయి, ముల్లు ఆగదు. అంటే సున్నా ఎక్కడో, వంద శాతం ఎక్కడో డయల్ చెప్పదు. రెండూ గీత గీసి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటకే రెండు పద్ధతులు. ఒకటి ఎంఐటీలో టేలర్‌ది, ఇంకొకటి హార్వర్డ్‌లో కాసాగ్రాండేది. ఇద్దరూ ఒకే ఊళ్లో పనిచేసినవాళ్లు! మన ఐఎస్ 2720 పదిహేనో భాగం రెంటినీ ఒప్పుకుంటుంది.

చూపించడానికి ఒక లెక్క చేద్దాం. బరువును 100 నుంచి 200 కిలోపాస్కల్‌కు పెంచామనుకోండి. పావు నిమిషానికి కుంగుదల 0.136 మిల్లీమీటర్లు, నిమిషానికి 0.211, నాలుగు నిమిషాలకు 0.362, తొమ్మిదికి 0.514, పదహారుకు 0.646, ముప్పై ఆరుకు 0.806. రెండు గంటలకు 0.925, మర్నాడు అదే వేళకు 0.98.

టేలర్ దారిలో అడ్డంగా సమయపు వర్గమూలం, నిలువుగా రీడింగు వేస్తాం. మొదటి చుక్కలన్నీ తిన్నగా ఒక గీత మీద కూర్చుంటాయి. ఎందుకంటే సుమారు అరవై శాతం దాకా కుంగుదల సమయపు వర్గమూలంతో పాటే పెరుగుతుంది. గీతను వెనక్కి లాగితే నిలువు అక్షాన్ని 0.06 దగ్గర తాకుతుంది. అసలు సున్నా అదే. ఆ ఆరు వందో వంతులు మొదటి గంతు తాలూకు. ఇప్పుడు అదే 0.06 నుంచి రెండో గీత గీయాలి, ప్రతి ఎత్తు దగ్గరా అడ్డం కొలత మొదటి గీతకు 1.15 రెట్లు ఉండేలా. ఈ 1.15 ఎవరూ ఊహించి పెట్టింది కాదు. సిద్ధాంతపు వక్రరేఖ తొంభై శాతం దగ్గరికి వచ్చేసరికి తిన్నని గీత నుంచి సరిగ్గా అంత పక్కకు తప్పుకుంటుంది. రెండో గీత మన వక్రరేఖను 5.5 దగ్గర కోసింది. వర్గం చేస్తే 30.25 నిమిషాలు. ఇది తొంభై శాతానికి పట్టిన సమయం.

```
Cv = 0.848 × H² / t90
   = 0.848 × 0.94² / 30.25
   = 0.0248 cm²/min
```

ఇందులో H నీళ్లు ప్రయాణించాల్సిన అత్యధిక దూరం. ఈ మెట్టులో ముద్ద సగటు మందం 18.8 మిల్లీమీటర్లు. నీళ్లు పైకీ కిందికీ పోతాయి కాబట్టి దూరం అందులో సగం, 9.4. ఇక్కడ పూర్తి మందం వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వర్గం వల్ల జవాబు నాలుగు రెట్లవుతుంది. నేనూ ఒకసారి వేశాను.

కాసాగ్రాండే దారికి సెమీలాగ్ షీటు కావాలి. లాగ్ స్కేలు మీద సున్నా సమయం ఉండదు, కాబట్టి మొదలును చూడనే లేం. అందుకని ఒక చిట్కా ఉంది. సమయం నాలుగు రెట్లయితే తొలి దశలో కుంగుదల రెట్టింపవుతుంది. నిమిషానికీ నాలుగు నిమిషాలకూ మధ్య తేడా 0.151. అంతే దూరం నిమిషం రీడింగు నుంచి వెనక్కి వెళితే 0.060. పావు నిమిషం, ఒక నిమిషం జంటతో చేసినా 0.061 వస్తుంది. టేలర్ గీత చెప్పిందే ఇదీ చెప్పింది. రెండు జంటలు వేరు వేరు సున్నాలు చూపిస్తే రీడింగుల్లో ఏదో తేడా ఉన్నట్టే. తరచుగా దొరికే కారణం లివర్‌ను వదిలిన తీరు. మా ల్యాబ్‌లో ఓ పెద్దాయన ఉండేవాడు, అందరం అన్నా అని పిలిచేవాళ్లం. "మెల్లగ వదులు తమ్మీ, ధబ్బుమని వదిలితే మొదటి చుక్కలన్నీ ఖరాబైతయి" అనేవాడు.

చివర కోసం, ఎక్కువ ఏటవాలుగా ఉన్న చోట ఒక స్పర్శరేఖ, తోక వెంట ఇంకొకటి గీస్తే అవి 0.90 దగ్గర కలిశాయి. సున్నాకూ దానికీ మధ్య సగం 0.48. ఆ ఎత్తు 7.7 నిమిషాలకు వచ్చింది. సగానికి సంఖ్య 0.197, కాబట్టి సీవీ 0.0226. టేలర్ జవాబు కంటే దాదాపు పదో వంతు తక్కువ.

ఈ తేడా తప్పు కాదు. టేలర్ లెక్కలో వంద శాతం 0.86 దగ్గరే పడుతుంది. కాసాగ్రాండే తోకను చూస్తాడు, ఆ తోకలో కణాల మెల్లని జరుగుబాటు కూడా కొంత కలిసిపోయి వంద శాతం కిందికి జారుతుంది. ల్యాబ్‌లో సాధారణంగా వర్గమూలం పద్ధతి ఎక్కువ సీవీ ఇస్తుంది. ఏది మంచిదని అడిగితే నేను చుక్కల్ని చూసి చెబుతాను. మొదటి చుక్కలు తిన్నగా పడకపోతే టేలర్‌ను నమ్మను. తోక నిటారుగా దిగుతూ మలుపే చూపకపోతే కాసాగ్రాండేకు స్పర్శరేఖ దొరకదు. టేలర్‌కు తొంభై శాతం దాటాక రీడింగుల అవసరం ఎక్కువ ఉండదు, తొందరలో ఉన్నవాడికి అది పెద్ద సౌకర్యం. నల్లరేగడికి మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. తక్కువ బరువు మీద నీళ్లు పోస్తే అది కుంగడానికి బదులు ఉబ్బుతుంది. ఆ మెట్టు గ్రాఫ్ మీద సీవీ వెతకడం వృథా.

నాలుగు మీటర్ల మట్టి పొర, పైనా కిందా నీళ్లకు దారి ఉందనుకోండి. తొంభై శాతం కుంగడానికి టేలర్ విలువతో దాదాపు 950 రోజులు, కాసాగ్రాండే విలువతో మరో మూడు నెలలు ఎక్కువ. ఆ మూడు నెలల మీద విద్యార్థులు గంటలు వాదించుకోవడం చూశాను. కానీ హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. మట్టి అడుగున మొరం ఉంటే నీళ్లు అటూ పోతాయి. పగుళ్లు లేని బండ మీద మట్టి కూర్చుంటే కింది దారి మూసుకుపోతుంది. దూరం రెట్టింపై, 950 రోజులు 3800 అవుతాయి. అంటే పదేళ్ల పైమాట. అప్పుడు సెమీలాగ్ షీటు పక్కన పెట్టి బోర్‌హోల్ లాగ్ తీసి, నాలుగో మీటరు కింద ఏం రాశారో చూడాలి.