రెండు కొటేషన్లు, ఒకే కారు

విజయవాడలో తిరిగే ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుందాం. ఇంజిన్ 1,197 సీసీ. కొని మూడేళ్లు దాటింది. ఇప్పటికీ అదే మోడల్ షోరూమ్ ధర 8 లక్షలు. మూడేళ్లలో ఒక్క క్లెయిమూ లేదు కాబట్టి 35 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. రెన్యువల్‌కు రెండు కొటేషన్లు వచ్చాయనుకోండి. మొదటిది 8,400 రూపాయలు, రెండవది 13,100. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే అయినా, బజారులో కనబడే తేడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఈ 4,700 ఎక్కడ పుట్టిందో చూడకుండా చౌకదాన్ని ఎంచుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ముందుగా పోల్చనక్కర్లేనిదాన్ని పక్కన పెడదాం. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 1,000 సీసీ దాటి 1,500 లోపు ఉన్న కారుకు 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు 3,416 రూపాయలు. ఏ కంపెనీ అయినా ఈ మొత్తమే తీసుకోవాలి. తేడా అంతా మన కారుకు జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగంలోనూ, దానికి జోడించే యాడ్-ఆన్లలోనూ ఉంటుంది.

మొదటి కొటేషన్‌లో ఐడీవీ 4,32,000, రెండవదానిలో 4,80,000. కారు దొంగల పాలైనా, బాగుచేయలేనంతగా పాడైనా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం ఇదే. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు ఉన్న కారుకు షోరూమ్ ధరలో 40 శాతం తరుగుదల తీసేయాలి. అంటే 8 లక్షల మీద 4,80,000 వస్తుంది. రెండవ కొటేషన్ సరిగ్గా అక్కడ ఉంది. మొదటిది పదో వంతు తగ్గించి ప్రీమియంలో కొన్ని వందలు మిగిల్చింది. కారు పోయిన రోజున మాత్రం చేతికి 48,000 తక్కువ వస్తుంది. ఐడీవీ తగ్గించడం లాభమని నమ్మేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూసుకోవాలి. అలాగని అవసరానికి మించి పెంచుకోవడమూ దండగే.

అసలు తేడా బయటపడేది చిన్న ప్రమాదంలో. సిగ్నల్ దగ్గర ముందున్న ఆటోకు కారు తగిలింది. బంపర్, గ్రిల్, హెడ్‌లైట్ కలిపి ప్లాస్టిక్ భాగాలు 24,000. బానెట్, ఫెండర్ 12,000. పెయింటింగ్ 12,000. లేబర్ 6,000. నట్లు, క్లిప్పులు, కూలెంట్ లాంటివి 1,000. మొత్తం బిల్లు 55,000.

మొదటి పాలసీలో జీరో డెప్ లేదు. కాబట్టి సర్వేయర్ ప్లాస్టిక్ భాగాల ధరలో సగం, అంటే 12,000 కోస్తాడు. ఈ వయసు కారు ఇనుప భాగాల మీద 25 శాతం, అంటే 3,000 పోతుంది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖర్చుగా లెక్కేసి, అందులో సగం, 1,500 తీసేస్తాడు. నట్లు, క్లిప్పుల 1,000 అసలు లెక్కలోకే రాదు. ఇక్కడికే 17,500 పోయింది. ఆ పైన డిడక్టబుల్ ఉంది. 1,500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు తప్పనిసరి. దానికి తోడు మొదటి కొటేషన్‌లో 7,500 వాలంటరీ డిడక్టబుల్ ఉంది. కంపెనీ కట్టేది 29,000, యజమాని జేబులోంచి పోయేది 26,000.

రెండవ పాలసీలో జీరో డెప్ ఉంది, చిల్లర సామాను ఖర్చుకు కన్స్యూమబుల్స్ కవర్ ఉంది, వాలంటరీ డిడక్టబుల్ లేదు. యజమాని కట్టేది 1,000. ఒక్క బంపర్ దెబ్బకు 25,000 తేడా వచ్చింది. అయిదేళ్లకు పైగా కట్టిన అదనపు ప్రీమియం ఒకే క్లెయిమ్‌లో తిరిగొచ్చినట్టే. అయితే జీరో డెప్ కొన్ని పాలసీల్లో ఏడాదికి రెండు క్లెయిములకే పరిమితం, పాత కార్లకు చాలా కంపెనీలు ఇవ్వవు. ఆ షరతు పాలసీ పత్రంలో ఉంటుంది, కొటేషన్ పేజీలో కనబడకపోవచ్చు.

మొదటి కొటేషన్‌లో నాకు అన్నిటికంటే నచ్చనిది ఆ 7,500. పాత మోటార్ టారిఫ్ ప్రకారం అంత డిడక్టబుల్ ఒప్పుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 30 శాతం తగ్గుతుంది, అదీ 2,000 మించకుండా. ఈ కారు ప్రీమియమే తక్కువ కాబట్టి మిగిలేది అంతకన్నా తక్కువ. ప్రతి క్లెయిమ్‌లోనూ 7,500 వదులుకోవడానికి అది సరిపోదు. తక్కువ ప్రీమియం చూపించడానికి దీన్ని ముందే ఎంపిక చేసి పెట్టిన కొటేషన్ వస్తే, ఆ టిక్కు తీయించి మళ్లీ ధర అడగండి.

వరద సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీట మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. సీట్లు, వైరింగ్, కార్పెట్ పాడైతే మామూలు సమగ్ర పాలసీయే చూసుకుంటుంది. చిక్కు ఇంజిన్‌తో వస్తుంది. నీళ్లు సిలిండర్‌లోకి చేరాక కారు స్టార్ట్ చేస్తే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదని, స్టార్ట్ చేయడం వల్ల తర్వాత వచ్చిందని కంపెనీ తిరస్కరిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ ఉన్నది ఇందుకే. అది రెండవ పాలసీలోనే ఉంది.

మన కారుకు వరద మరమ్మతు అంచనా 3,40,000, అందులో ఇంజిన్ వాటా 1,30,000 అనుకుందాం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును టోటల్ లాస్‌గా లెక్కేస్తారు. మొదటి పాలసీలో ఆ గీత 3,24,000. అంచనా దాటింది కదా అని సంతోషించనక్కర్లేదు. పాలసీ షరతులకు లోబడిన ఖర్చునే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారు. ఇంజిన్ తీసేస్తే 2,10,000, దాని మీద మళ్లీ తరుగుదల. టోటల్ లాస్ రాదు, ఇంజిన్ ఖర్చు లక్షా ముప్పై వేలు యజమానే పెట్టుకోవాలి. రెండవ పాలసీలో గీత 3,60,000. కారు మరమ్మతుకు వెళ్తుంది, ఇంజిన్ కవర్ షరతులు పాటించి ఉంటే 1,000 పోను మిగతాది కంపెనీ కడుతుంది. ఆ షరతుల్లో ముఖ్యమైనది, నీళ్లలో ఆగిన కారును మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకుండా టోయింగ్ చేయించడం.

ఇక క్లెయిముల చరిత్ర. రెండు కొటేషన్ల కింద సెటిల్‌మెంట్ శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండూ తొంభై పైనే. 55,000 బిల్లుకు 29,000 ఇచ్చిన క్లెయిమ్ కూడా పరిష్కారమైన క్లెయిమే. కాబట్టి ఎంత కోత పెట్టారో ఆ శాతం చెప్పదు. వసూలైన ప్రీమియంలో క్లెయిములకు ఎంత పోయిందో చెప్పే ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియో ఇంకోటి, దాన్ని దీనితో కలపకూడదు. కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అనే భాగం తెరిస్తే NL-39 అనే ఫారంలో ఎన్ని క్లెయిములు ఎంత కాలానికి తేలాయో ఉంటుంది, NL-45లో ఫిర్యాదుల లెక్క ఉంటుంది. ఆ రెండు పేజీలు ప్రకటనలోని శాతం కన్నా ఎక్కువ నిజం చెబుతాయి. వాటికి తోడు మీరు కారు సర్వీసు చేయించే వర్క్‌షాప్‌లో ఇన్సూరెన్స్ పని చూసే మనిషిని, ఏ కంపెనీ అప్రూవల్ త్వరగా ఇస్తుంది, ఏది కోతలు పెడుతుంది అని అడగండి. ఆ వర్క్‌షాప్ కొటేషన్ ఇచ్చిన కంపెనీ క్యాష్‌లెస్ జాబితాలో లేకపోతే తక్కిన పోలికంతా సగం వృథా.

ఈ కారుకు రెండవ కొటేషనే తీసుకోవాలి. బడ్జెట్ బిగువుగా ఉంటే కన్స్యూమబుల్స్ కవర్ వదిలేయొచ్చు. జీరో డెప్, ఇంజిన్ కవర్ వదలొద్దు. మొదటి కొటేషన్ ఎప్పుడో తప్ప బయటికి తీయని పాత కారుకైతే సరిపోతుంది, అప్పుడు కూడా వాలంటరీ డిడక్టబుల్ తీసేశాకే. డబ్బు కట్టే ముందు పాలసీ వర్డింగ్ పూర్తి పత్రాన్ని ఈమెయిల్‌లో తెప్పించుకోండి. క్లెయిమ్‌లో అన్యాయం జరిగితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే, ఫీజు లేదు.