మాటలో నవ్వు, మనిషిలో నవ్వు, అల్లికలో నవ్వు

నలుగురు కూర్చున్నచోట నవ్వు పుట్టించిన ప్రతిదాన్నీ మనం ఇవాళ ‘జోకు’ అనో ‘కామెడీ’ అనో ఒకే గాటన కట్టేస్తున్నాం. మన అలంకారికులు అలా కట్టలేదు. మాటలోని చమత్కారాన్ని శ్లేష, వక్రోక్తి అనే పేర్లతో అలంకారాల్లో చేర్చారు. హాస్యాన్ని రసాల్లో పెట్టారు. ప్రహసనాన్ని దశరూపకాల్లో ఒకటిగా లెక్కించారు. ఈ విభజన పాత పుస్తకాలకే పరిమితమని నేను అనుకోను. అలంకారం ఉండేది వాక్యంలో. రసం పుట్టేది మనిషిని మనం చూసే చూపులో. రూపకం నిలిచేది సంఘటనల అల్లికలో. నవ్వు ఈ మూడింటిలో ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుపడితే, ఒక మాట ఒక ఇంట్లో నవ్వించి మరో ఇంట్లో ఎందుకు గొడవ పెట్టిందో కూడా తెలుస్తుంది.

ఒకే ఇంట్లో, ఒకే పొద్దున జరిగిన ఒక చిన్న సంగతిని మూడు రకాలుగా చూద్దాం. పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు వంటింట్లోకి వచ్చి, “అన్నయ్య లేచాడా వదినా?” అని అడిగింది. వదిన పొయ్యి మీంచి కళ్ళు తిప్పకుండానే, “ఓ, లేచారు! కాఫీ ఆలస్యమైందని పొద్దున్నే అంతెత్తున లేచారు” అంది.

ఇది చమత్కారం. ఎదుటివారు ఒక అర్థంలో అన్న మాటను అందుకుని ఇంకో అర్థంలో తిప్పి ఇవ్వడమే శ్లేష వక్రోక్తి అని అలంకారశాస్త్రం చెబుతుంది. వదిన చేసింది అక్షరాలా అదే. ఆ మాటకు సగం ముడిసరుకు ఆడపడుచు ప్రశ్నలోనే ఉంది. ఆవిడ “అన్నయ్యకి మెలకువ వచ్చిందా?” అని అడిగి ఉంటే ఈ జవాబు పుట్టేదే కాదు. అందుకే చమత్కారాన్ని గుర్తుపట్టడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష, మాట మార్చి చూడటం. ‘లేచారు’ తీసేసి ‘కోప్పడ్డారు’ అని పెడితే మిగిలేది ఒక ఫిర్యాదు మాత్రమే. సాయంత్రం ఈ సంగతి పక్కింటావిడకు చెప్పాలన్నా ఆడపడుచు ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు చెప్పక తప్పదు.

వక్రోక్తికి శ్లేష కాక ఇంకో దారి కూడా ఉంది, కాకువు. అంటే మాట అదే ఉంచి గొంతుతో అర్థాన్ని తిరగేయడం. గోదావరి జిల్లాల వెటకారంలో చాలా భాగం దీని మీదే నడుస్తుంది. భోజనాలు అయిపోయే వేళకు వచ్చిన చుట్టాన్ని, “అంత తొందరేమొచ్చిందండీ, రేపు పొద్దున్న రాకూడదా?” అని పలకరిస్తారు. ఆ సాగదీతా, ఆ మొహంలో మర్యాదా లేకపోతే ఆ వాక్యం నిజంగానే కసురుకున్నట్టు ఉంటుంది. ఫోనుల్లోని కుటుంబం గ్రూపుల్లో తగువులు రేగడానికి ఇదొక కారణమని నా నమ్మకం. శ్లేష రాతలో బతుకుతుంది, కాకువు బతకదు. “చాలా పెద్ద సాయం చేశావు తమ్ముడూ” అని ఒక అక్క టైపు చేస్తే, అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చాల్సిన గొంతు అక్కడ లేదు. ఒక తమ్ముడు సంతోషిస్తాడు, మరో తమ్ముడు రెండు నెలలు ఫోన్ చెయ్యడు.

చమత్కారానికి గురి ఉంటుంది, అది తగిలే మనిషి ఎదురుగానే ఉంటాడు. కనుకనే ఎవరు ఎవరితో అనవచ్చో మన చుట్టరికాలు ముందే తేల్చిపెట్టాయి. బావామరదళ్ళకు, వదినా ఆడపడుచులకు, వియ్యాలవారికి పరాచికాలాడే చనువు ఉంది. పెళ్ళి భోజనాల దగ్గర వియ్యపురాలిని ఎకసెక్కం చేస్తూ పాటలు పాడటం ఆ చనువును ఊరందరి ముందు చాటుకోవడమే. అదే మాట కొత్త కోడలు మామగారితో అంటే చమత్కారం అనిపించుకోదు. హద్దు దాటిందో లేదో తెలియాలంటే, వింటున్నవాళ్ళను కాక మాట తగిలినవాళ్ళను చూడాలి. వాళ్ళు తిరిగి మరో మాట అంటే పరాచికం సాగుతోంది. వాళ్ళు తల దించుకుని నీళ్ళ గ్లాసు అందుకుంటే అది ఎత్తిపొడుపుగా మారినట్టే, చుట్టూ ఎంతమంది నవ్వినా.

ఇక హాస్యం. అదే వదిన మధ్యాహ్నం తీరిగ్గా బియ్యం ఏరుతూ ఆడపడుచుతో ఇలా చెప్పుకొచ్చింది. “మీ అన్నయ్య అరవడం అరిచేస్తారమ్మా. అరిచాక మళ్ళీ కాఫీ అడగడానికి మొహం చెల్లదు. గుమ్మం దాకా వస్తారు, క్యాలెండర్ చూస్తారు, వెళ్తారు. మళ్ళీ వస్తారు, మళ్ళీ క్యాలెండరే. ఏం చూస్తున్నారండీ అంటే, ఏకాదశి ఎప్పుడా అని, అంటారు. కాఫీ అన్న మాట మాత్రం నోట రానివ్వరు.” ఇందులో తిప్పిన మాట ఒక్కటీ లేదు. ఏ పదం మార్చి చెప్పినా నవ్వు పోదు. పోయేదల్లా తొందరపడి చెబితేనే. ‘అరిచి సిగ్గుపడ్డారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ మనిషి కనిపించడు. పొద్దుటి మాట ఆయన మీద విసిరింది. మధ్యాహ్నపు మాట ఆయన్ను ఎన్నో ఏళ్ళుగా చూస్తూ వచ్చిన కళ్ళలోంచి వచ్చింది. ఆ కోపాన్నీ ఆ సిగ్గునూ ఒకే మనిషిలో చూపించి, ఆ మనిషి మీద మనకు ఇష్టం పెంచింది.

ఈ హాస్యం పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం వచ్చింది 1924లో. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన ఆ కుర్రవాడు దారిలో ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు. ఈ సంగతి పక్కనున్నవాడు చెబితే ఎగతాళి అయ్యేది. కథ పార్వతీశమే చెబుతాడు, ఏదీ దాచుకోడు, తన తెలివి మీద తనకున్న నమ్మకాన్ని కూడా దాచుకోడు. అందువల్ల మనం అతని అమాయకత్వాన్ని చూసి నవ్వుతూనే అతని పక్షాన నిలబడతాం. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథల్లోనూ భర్తే కథ చెబుతాడు, భార్య ముందు తన ఓటమిని తానే ఒప్పుకుంటాడు. రోజువారీ మాటల్లో హాస్యం ఎక్కడ చెడుతుందో ఈ రెంటినీ చూస్తే తెలుస్తుంది. చెప్పేవాడు తనను తాను బయట ఉంచుకుని ఇతరుల లోపాలు మాత్రమే ఏకరువు పెడితే, ఎంత నిదానంగా చెప్పినా అది చాడీలా వినిపిస్తుంది.

అదే పొద్దున ఆ ఇంట్లో మరొకటి కూడా జరిగింది. అరుపు విన్న తల్లి, కోడల్ని ఇబ్బంది పెట్టకూడదని, పెరటి అరుగు మీద కొడుక్కి కాఫీ తెచ్చి ఇచ్చింది. అది తెలియని భార్య పిల్లాడిచేత ఇంకో గ్లాసు పంపింది. ఈ రెండూ తెలియని చెల్లెలు మూడోది తెచ్చింది. ఆయన మూడూ తాగాడు. ముగ్గురితోనూ, “నువ్విచ్చిందే కాఫీ” అన్నాడు. ముగ్గురికీ, ఆయన్ను శాంతపరిచింది తామేనన్న తృప్తి. ఇక్కడ చమత్కారపు మాట లేదు, అప్పటికి ఎవరూ నవ్వనూ లేదు. నవ్వగలిగింది మూడు గ్లాసులూ చూసినవాళ్ళు మాత్రమే. ఇది ప్రహసనం. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు అన్న తేడాతోనే ఇది కడతారు.

దీని పనితనం పూర్తిగా చూడాలంటే ‘కన్యాశుల్కం’ దగ్గరికి వెళ్ళాలి. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది, తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. అందులో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్ళికూతురుగా అంటగడతాడు. వేషం సంగతి మనకు తెలుసు, మధురవాణికి తెలుసు. పెళ్ళి కుదిర్చిన రామప్ప పంతులుకు తెలియదు, తాళి కట్టినవాడికి అసలే తెలియదు. తర్వాత పెళ్ళికూతురు మాయమై, ఆమెను చంపాడన్న నేరం లుబ్ధావధాన్లు మీద పడుతుంది. ఒక ముసలివాణ్ణి హత్యానేరం వెంటాడుతుంటే ప్రేక్షకులు నవ్వగలుగుతున్నారంటే కారణం ఒక్కటే. చచ్చిపోయిందంటున్న పిల్ల మగపిల్లాడనీ, హాయిగా ఉన్నాడనీ వాళ్ళకు తెలుసు. గురజాడ ఆ రహస్యాన్ని చివరిదాకా దాచి ఉంటే అవే సన్నివేశాలు భయానకంగా ఉండేవి.

1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లోనూ ఇదే కట్టుబడి కనిపిస్తుంది. అక్కడా ఒక పిసినారి, అక్కడా పెళ్ళి కోసం ఒక వేషం. డబ్బున్నవాడి కొడుకు ఆ సంగతి దాచి, కాబోయే మామను మించిన పిసినారిగా నటిస్తాడు. కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినే దృశ్యం, శబ్దం తీసేసి చూసినా నవ్విస్తుంది. చమత్కారానికి అలాంటి బతుకు లేదు.

మాటల్లో ప్రహసనం చెప్పడం కష్టమనిపించేది ఇక్కడే. అది జరుగుతున్నప్పుడు లోపలున్నవాళ్ళకు తెలియదు కాబట్టి తర్వాత ఎవరో ఒకరు కూర్చి చెప్పాలి. పెళ్ళిళ్ళలో చుట్టాలందరూ చుట్టూ చేరి వినే మనిషి ఒకరుంటారు. ఆవిడ కథ మొదట్లోనే, “అప్పటికే అత్తయ్య ఇచ్చేసిందని వీళ్ళకి తెలీదు, చూడండి” అని వినేవాళ్ళను మెట్టు పైకి ఎక్కించేస్తుంది. ఆ ముక్కను చివరికి దాచుకున్నవాళ్ళ చేతిలో అదే కథ ఒక చిన్న ఆశ్చర్యంతో ముగిసిపోతుంది.

‘కన్యాశుల్కం’లో చమత్కారం, హాస్యం, ప్రహసనం మూడూ ఉన్నా, మన వేదికల మీద ఎక్కువగా మిగిలింది గిరీశం చమత్కారమే. ఇది ఆ నాటకానికి న్యాయం కాదని నా అభిప్రాయం. గిరీశం, మధురవాణి ఇద్దరూ మాటకారులే. గిరీశానికి మాట తప్పించుకునే దారి. ఏ నిలదీతనైనా పక్కకు మళ్ళించి బయటపడతాడు. మధురవాణి మాట ఎదుటివాడి డాంబికాన్ని విప్పి చూపిస్తుంది. చిక్కుకు తోడ్పడిన ఆమే, లుబ్ధావధాన్లును కాపాడటానికి మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. అప్పటిదాకా ప్రహసనంలో పావుగా ఉన్న ముసలివాడు అక్కడ భయంతో కుంగిన మనిషిగా కనిపిస్తాడు, మన నవ్వులోకి జాలి వచ్చి చేరుతుంది. గిరీశం మాటలకు మాత్రం ఆ గదిలో పట్టు దొరకదు. వాటిని అందుకుని తిరిగి విసిరే మనిషి కాదు సౌజన్యారావు పంతులు.