మిరుగం నాటి సరుకెంత?

మిరుదొడ్డిలో విత్తనాలు, మందుల దుకాణం పెట్టినవాళ్లను సరుకెంత ఉందని అడిగితే ఒక్క అంకె రాదు. వేసవి చివర పత్తి విత్తనాల ప్యాకెట్లు దిగుతాయి. మిరుగం దాటాక యూరియా, డీఏపీ, పురుగు మందులు వరుసగా వస్తాయి. పత్తి ఏరేనాటికి అర్రలు ఖాళీ అవుతాయి, యాసంగికి మళ్లీ నిండుతాయి. బీమా పాలసీలో మాత్రం ఒక్క అంకే రాయాలి.

చాలామంది ఏడాది సగటు రాస్తారు. అక్కడే దెబ్బ తగులుతుంది. ఒక దుకాణం అనుకుందాం. బీమా మొత్తం 12 లక్షలు. జూలైలో నిప్పంటుకున్న రోజు సరుకు 20 లక్షలు, కాలిపోయింది 8 లక్షలది. నష్టం 12 లక్షల లోపే కదా, మొత్తం వస్తుందని యజమాని ధీమా. సర్వేయర్ లెక్క వేరు. 20 లక్షల సరుకుకు 12 లక్షలకే ప్రీమియం కట్టారు కాబట్టి నష్టంలోనూ అదే పాలు: 4 లక్షల 80 వేలు. మిగతాది దుకాణదారు నెత్తిన.

2021 ఏప్రిల్ నుంచి 5 కోట్ల లోపు ఆస్తులకు వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’లో కొంత వెసులుబాటుంది. తరుగు 15 శాతం మించకపోతే ఈ కోత ఉండదు. అంటే 17 లక్షలు రాసినా మన దుకాణానికి 8 లక్షలూ వచ్చేవే. (పాలసీలోని మినహాయింపు తీసేస్తారనుకోండి.)

అందుకే నేను సగటు చూడను, పోయినేడు ఏ రోజు సరుకు అన్నిటికన్నా ఎక్కువుందో చూస్తాను. ఏడాదంతా అంత మొత్తానికి కట్టడం భారమైతే సీజన్ ముందు ఎండార్స్‌మెంట్‌తో మొత్తం పెంచుకోవచ్చు, మిగిలిన రోజులకే అదనపు ప్రీమియం. నెలనెలా సరుకు విలువ చెప్పి చివర్లో సర్దుబాటు చేసుకునే డిక్లరేషన్ పాలసీ కూడా ఉంది. కానీ పాత ఫైర్ టారిఫ్‌లో దానికి కనీస మొత్తం కోటి రూపాయలు. ఏ నెలైనా విలువ పంపకపోతే ఆ నెలకు పూర్తి మొత్తం ఉన్నట్టే లెక్క. మన ఊరి దుకాణాల కోసం పెట్టింది కాదది.

ఇక ఏది సరుకు? అమ్మే ధర కాదు, కొన్న ధర. ఉద్దెరకిచ్చింది బాకీ, సరుకు కాదు. ఫైర్ పాలసీ దాన్ని పట్టించుకోదు. గుట్టలా కనిపించే యూరియా కన్నా చిన్న షెల్ఫులోని మందు డబ్బాలే ఎక్కువ ఖరీదు కావచ్చు, కంటితో అంచనా వేస్తే తప్పుతుంది.

సర్వేయర్ పోయిన మార్చి ముగింపు సరుకుకు కొనుగోళ్లు కలిపి, అమ్మకాల్లోంచి లాభం తీసేసి మిగిలినది తగ్గిస్తాడు. ఎరువులకైతే పీఓఎస్ యంత్రంలోని నిల్వతో సరిచూడగలడు. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ కూడా అడుగుతాడు. ఎక్కువ అప్పు కోసం అందులో 25 లక్షలని రాసి, పాలసీలో 12 లక్షలే పెట్టినవాళ్లు ఆ కాగితం ఇవ్వడానికి తటపటాయిస్తారు.