సీత కోరిన రథం: నాటకీయ వ్యంగ్యం పనిచేసే తీరు

నాటకంలో గాని సినిమాలో గాని, ఒక పాత్రకు తెలియని సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉండి, ఆ పాత్ర తెలియనితనంతో పలికిన మాటకు తాను తలచని మరో అర్థం కలిగితే, దాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు. మాట్లాడేవాడే రెండో అర్థాన్ని ఉద్దేశించి పలికితే అది ఎత్తిపొడుపు అవుతుందే తప్ప ఈ కోవలోకి రాదు.

8వ శతాబ్దపు భవభూతి రచించిన ఉత్తరరామచరితంలోని మొదటి అంకం దీనికి చక్కని ఉదాహరణ. రాముడు సీతను విడిచిపెడతాడని రామాయణం ఎరిగిన ప్రేక్షకుడికి ముందే తెలుసు కాబట్టి, కవి ఆ సంగతిని కొత్తగా చెప్పనక్కరలేకుండానే ప్రతి మాటనూ దాని నీడలో నిలిపాడు. ప్రజలను సంతోషపెట్టమని వసిష్ఠుడు పంపిన సందేశాన్ని అష్టావక్రుడు వినిపించగా, అందుకోసం జానకిని వదులుకోవలసి వచ్చినా వెనుకాడనని రాముడు అంటాడు. పక్కనే ఉన్న సీత ఆ మాటకు నొచ్చుకోకపోగా మెచ్చుకుంటుంది. తరువాత తమ వనవాస కథను చిత్రాలలో చూస్తూ, శూర్పణఖ బొమ్మ దగ్గర భర్తకు దూరమైనట్టే ఆమె భయపడితే, అది బొమ్మ మాత్రమేనని రాముడు ఊరడిస్తాడు. ఆ ఊరడింపు ఎంతోసేపు నిలవదని ఎరిగిన ప్రేక్షకుడికి అక్కడే గుండె బరువెక్కుతుంది.

ఈ అంకంలో అన్నిటికంటే బలమైనది రథం ఏర్పాటు. గర్భవతి అయిన సీత మళ్లీ అడవులు చూడాలని, గంగలో స్నానం చేయాలని ముచ్చటపడగా, రాముడు ప్రేమతో రథం సిద్ధం చేయిస్తాడు. ఆమె అతని చేతిపై నిద్రపోయాక, ఆమె విరహమొక్కటే తనకు భరించరానిదని అతడు తలపోస్తున్న క్షణంలోనే ప్రతిహారి వచ్చి, ఎవరన్నది చెప్పకుండా, వచ్చాడని మాత్రం అంటుంది. వచ్చినవాడు లోకాపవాదును మోసుకొచ్చిన దుర్ముఖుడు. ముచ్చట తీర్చడానికి పిలిపించిన రథమే ఇక పరిత్యాగానికి వాహనమవుతుంది, సీత పెద్దలకు నమస్కరించి సంతోషంగా దాన్ని ఎక్కుతుంది. ప్రతిహారి మాట వంటి ప్రయోగాన్ని మన ఆలంకారికులు పతాకాస్థానకం అన్నారు. అయితే అది అనుకోని మాట కలిసిరావడానికి పెట్టిన పేరు కాబట్టి, దాన్నీ నాటకీయ వ్యంగ్యాన్నీ పూర్తిగా ఒకటిగా భావించడం సరికాదు.

తెలిసిన కథ లేనిచోట ఆ ఎరుకను రచనే ముందుగా కల్పించాలి. మాయాబజార్ (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించడం ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు కనుకనే, మాయ తెలియని లక్ష్మణకుమారుడి పెళ్లి తొందర నవ్వు తెప్పిస్తుంది. అదే రహస్యాన్ని చివరిదాకా దాచి ఉంటే మిగిలేది ఆశ్చర్యం ఒక్కటే. అందువల్ల ఒక సన్నివేశంలో నాటకీయ వ్యంగ్యం ఉందని రాయబోయే విద్యార్థి, పాత్రకు తెలియని సంగతి ప్రేక్షకుడికి ఎలా, ఎప్పుడు తెలిసిందో, అది తెలియక పాత్ర ఏ మాట పలికిందో రెండూ చూపాలి.