కదలికలు కన్న నిశ్చలత

సోనామీటరు మీద బిగించిన తీగను సరిగ్గా నడుమ వేలితో పైకి లాగి పట్టుకుంటే రెండు సరళరేఖలు, అవి కలిసే చోట ఒక మొన. అంతకన్నా నిరాడంబరమైన ఆకారం ఉండదు. అయినా వేలు తీశాక ఆ త్రిభుజం ఏమవుతుందన్న ప్రశ్న 18వ శతాబ్దపు మహామహులను ఏళ్ల తరబడి వాదులాడుకునేలా చేసింది. 1747లో డాలంబేర్ తీగ కదలికకు సమీకరణం రాశాడు. ఆ వెంటనే ఆయిలర్ అందులోకి దిగాడు. 1753లో డానియల్ బెర్నూలీ ఒక సాహసం చేశాడు: తీగ ఏ ఆకారంలో మొదలైనా అది సైన్ వంపుల మొత్తమేనన్నాడు. ఒక్కో వంపూ తీగకు ఒక సహజ కంపన రీతి. ఒక్కోదానిదీ ఒక స్వరం. అన్ని ఆకారాలూ ఇలా వస్తాయంటే ఆయిలర్ ఒప్పుకోలేదు. ఆ సందేహం నాకు ఎంతో సహజంగా తోస్తుంది. మొన అన్నదే లేని నునుపైన వంపులను ఎన్ని పేర్చితే మాత్రం మొన ఎక్కడి నుంచి వస్తుంది?

వస్తుంది. ఎలా వస్తుందో చూడటంలోనే ఈ విషయపు సౌందర్యమంతా ఉంది.

తీగ పొడవు L, నడుమ లాగిన ఎత్తు h అనుకుందాం. కదలిక మొత్తం ఈ ఒక్క వరుసలో ఇమిడిపోతుంది:

y(x,t) = (8h/π²) [ sin(πx/L) cos ωt − (1/9) sin(3πx/L) cos 3ωt + (1/25) sin(5πx/L) cos 5ωt − … ]

కాలం వైపు కొసైన్లు తప్ప మరేమీ లేకపోవడం గమనించండి. తీగను కొట్టలేదు, విసరలేదు. లాగి, ఆపి, వదిలాం. వదిలిన క్షణాన వేగం సున్నా కాబట్టి ప్రతి రీతీ తన శిఖరం నుంచే బయలుదేరుతుంది. 2, 4, 6 సంఖ్యల రీతులు అసలు లేవు. వాటికి తీగ నడుమ అస్పందన స్థానం ఉంటుంది. తాము కదలలేని చోట లాగితే అవి మేలుకోవు. మీటిన చోట అస్పందన స్థానం ఉన్న రీతి పలకదన్న ఈ సూత్రాన్ని 1800లో థామస్ యంగ్ చెప్పాడు.

80 సెంటీమీటర్ల తీగను 10 మిల్లీమీటర్లు లాగామనుకుందాం. మొనకు మొదటి రీతి ఇచ్చే ఎత్తు 8.11 మిల్లీమీటర్లు. మూడోది 0.90, ఐదోది 0.32, ఏడోది 0.17 చేరుస్తాయి. నాలుగూ కలిపితే 9.50. మిగిలిన అర మిల్లీమీటరు కోసం అంతులేనన్ని రీతులు వరుసలో నిలబడతాయి. ఎక్కడ ఆపినా మొన కాస్త గుండ్రంగానే మిగులుతుంది. ఆపకపోతే మాత్రం సరిగ్గా 10 వస్తుంది. ఎందుకంటే 1 + 1/9 + 1/25 + … మొత్తం π²/8. ఇది ఆయిలర్ 1735లో సాధించిన ప్రసిద్ధ మొత్తం నుంచి రెండడుగుల్లో వస్తుంది. ఆ మొనను పూర్తి చేసే సంఖ్య బెర్నూలీతో వాదిస్తున్నవాడి చేతిలోనే ఉందన్నమాట! ఎంతటి ఆకారానికైనా ఈ కూడిక ఎలా కట్టాలో ఫూరియే 1807లో చూపేదాకా ఆ వాదు తీరలేదు.

ఇక తీగను వదులుదాం. అది సెకనుకు 100 సార్లు ఊగుతుందనుకుంటే ఒక ఊపుకు 10 మిల్లీసెకన్లు. ఇప్పుడు నడుమను వదిలేసి, ఒక చివర నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బిందువును చూడండి. త్రిభుజం మీద దాని ఎత్తు 5 మిల్లీమీటర్లు. వదిలిన 0.625 మిల్లీసెకన్లకు అక్కడ ఏం జరిగింది? మొదటి రీతి వాటా 5.73 నుంచి 5.30కి దిగింది. మూడోది −0.64 నుంచి −0.24కి లేచింది. ఐదోది −0.23 నుంచి 0.09కి లేచింది. ఏడోది 0.12 నుంచి −0.11కి, తొమ్మిదోది 0.07 నుంచి −0.07కి పడ్డాయి. వెనకున్న చిన్నవన్నీ తమ తమ లయలో ఎటో ఒకవైపు జరిగాయి. అన్నీ కూడితే? 5 మిల్లీమీటర్లే. ఆ బిందువు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

నన్ను కట్టిపడేసేది ఇదే. ఏ రీతీ ఎవరి కోసమూ ఆగదు. వదిలిన మరుక్షణం నుంచి తీగ పొడవునా ప్రతి రీతీ కదులుతూనే ఉంటుంది. కానీ వేలు తీశారన్న వార్త 20 సెంటీమీటర్లు ప్రయాణించి ఆ బిందువును చేరాలి. ఈ తీగ మీద వార్త వేగం సెకనుకు 160 మీటర్లు. అంటే 1.25 మిల్లీసెకన్లు పడుతుంది. అప్పటిదాకా ఆ బిందువు కదలకూడదు. అన్ని కదలికలూ ఒకదాన్నొకటి సరిగ్గా తీర్చుకుంటూ ఆ నిశ్చలతను నిలబెడతాయి. 1.25 దాటగానే అదే కూడిక, ఒక్క గుణకమూ మారకుండా, బిందువును ఉన్నపళంగా కిందికి నడిపిస్తుంది.

కంటికి కనిపించే వేగంలో ఇది జరిగితే, గోపురాన్ని పైనుంచి సమంగా చెక్కుకుంటూ వస్తున్నట్టు ఉండేది. మొన రెండుగా చీలి చెరోవైపూ పరుగెడుతుంది. వాటి నడుమ తీగ బల్లపరుపుగా మారి, వెడల్పవుతూ, సెకనుకు 4 మీటర్ల ఒకే వేగంతో దిగుతుంది. 2.5 మిల్లీసెకన్ల దగ్గర బేసి కొసైన్లన్నీ ఒక్కసారే సున్నా అవుతాయి. తీగంతా గీత గీసినంత సూటిగా ఉంటుంది. లాగని తీగకూ దానికీ ఆకారంలో తేడా ఉండదు. అయితే లాగినప్పుడు దాచుకున్న శక్తి మొత్తం అప్పుడు వేగంగా మారి ఉంటుంది. ఆ శక్తిలో 81 శాతం మొదటి రీతిదే. మొనకు ఎత్తునిచ్చిన 8/π² మళ్లీ ఇక్కడ!

ఇది కాగితం మీది మాటేనా అన్న అనుమానం వస్తే చెవి తీరుస్తుంది. నడుమ మీటి, వెంటనే నడుమే వేలు తేలిగ్గా ఆనించండి. పలుకుతున్న ప్రతి రీతికీ అది ప్రస్పందన స్థానమే కాబట్టి తీగ మూగబోతుంది. చివర నుంచి నాలుగో వంతు దగ్గర మీటి, అలాగే నడుమ వేలు ఆనిస్తే మొదటి రీతి పోయి, రెండోది పైస్థాయి షడ్జమంగా తేటగా మిగులుతుంది.

నిజమైన తీగలో ఆ మొన ఎక్కువసేపు బతకదు. వేలి వెడల్పు ముందే దాన్ని కొంత గుండ్రం చేస్తుంది. పైరీతులు త్వరగా అణగిపోతాయి. తీగకున్న బిరుసుతనం వాటి పౌనఃపున్యాలను సరైన గుణిజాల కన్నా కాస్త పైకి నెడుతుంది. దాంతో అన్ని కొసైన్లూ ఒకే క్షణాన సున్నా అవడం క్రమంగా చెదిరిపోతుంది. మీటిన కాసేపటికి నాదం మెత్తబడటం మాత్రం పైరీతులు ముందుగా అణగిపోవడం వల్లే.

మన తంబూర దగ్గరైతే కథే మారుతుంది. మీటిన చోట అస్పందన స్థానం ఉన్న అనుస్వరం కూడా అందులో గట్టిగా వినిపిస్తుందని, యంగ్ సూత్రం అక్కడ చెల్లదని సి.వి.రామన్ 1921లో రాశాడు. వీణ గురించీ అదే చెప్పాడు. తంబూర బ్రిడ్జి పైభాగం వంపు తిరిగి ఉంటుంది. దాని మీద తీగ కింద నూలుపోగు ఉంటుంది. ఊగే తీగ ఆ వంపును తాకుతూ, విడుస్తూ ఉండటంతో తీగ చివర ఒకచోట నిలవదు. మన కూడికకు ఆధారమే చివరలు కదలకపోవడం. అది సడలాక వేలు తీసిన క్షణాన తేలిన గుణకాలు ఇక స్థిరంగా ఉండవు. ఒక రీతి శక్తి మరో రీతిలోకి ప్రవహిస్తుంది. మొదట్లో సున్నాగా ఉన్న రీతి కూడా పోగుచేసుకుని పలకడం మొదలుపెడుతుంది. నూలుపోగును వెంట్రుకవాసి జరుపుతూ తంబూర సరిచేసేవాళ్లు చెవితో వెతికేది ఈ ప్రవాహాన్నే.